బాగా రాయడమంటే ఏమిటి టీచర్?

ప్రాజెక్టు పని ఇచ్చిన మరుక్షణం తరగతిలో లేచే మొదటి ప్రశ్న ఏ బడిలోనైనా దాదాపు ఒకటే: "ఎన్ని పేజీలు రాయాలి సార్?" ఆ వెంటనే రెండోది: "హెడ్డింగులకు స్కెచ్ పెన్ వాడొచ్చా?" కాస్త ధైర్యం ఉన్నవాళ్లు మూడోది కూడా అడుగుతారు: "నెట్‌లోంచి బొమ్మలు ప్రింటు తీసి అతికిస్తే సరిపోతుందా?"

ఈ ప్రశ్నలు విని పిల్లలకు శ్రద్ధ లేదని నొచ్చుకునే ఉపాధ్యాయులున్నారు. నిజానికి ఇవి తెలివైన ప్రశ్నలే. మార్కులు దేనికి పడతాయో తెలియనప్పుడు ఎవరైనా కంటికి కనిపించేదాన్ని, లెక్కకు దొరికేదాన్నే పట్టుకుంటారు. పేజీలు లెక్కకు దొరుకుతాయి, రంగులు కంటికి కనిపిస్తాయి. వ్యాసంలో విషయం ఉందా లేదా అన్నది మాత్రం దిద్దేవాళ్ల మనసులో ఉంటుంది. కాపీ తిరిగి వచ్చాక ఇరవైకి పన్నెండు అని ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. మిగిలిన ఎనిమిది ఎక్కడ పోయాయో పిల్లవాడికి తెలియదు. చాలాసార్లు ఉపాధ్యాయుడు కూడా విడమరిచి చెప్పలేరు.

ఈ ఇబ్బందికి విద్యారంగం కనిపెట్టిన సాధనం రూబ్రిక్. ఇది ఒక చిన్న పట్టిక. పనిలో ఏయే అంశాలు చూస్తామో ఎడమ పక్కన నిలువుగా ఉంటాయి. ఒక్కో అంశం ఏ స్థాయిలో ఎలా కనిపిస్తుందో దాని ఎదురుగా అడ్డంగా, మాటల్లో రాసి ఉంటుంది. 'వివరాలు: 5 మార్కులు' అని రాస్తే అది మార్కుల పంపకం మాత్రమే. వివరాలు అయిదు మార్కుల స్థాయిలో ఉంటే ఎలా ఉంటాయి, రెండు మార్కుల స్థాయిలో ఉంటే ఎలా ఉంటాయి అని వర్ణించినప్పుడే అది రూబ్రిక్ అవుతుంది.

ఆ పట్టికను ఉపాధ్యాయుడు ఇంట్లో కూర్చుని తయారుచేసి పంచేస్తే పని అయిపోదా? అమెరికాలో హైదీ ఆండ్రేడ్ అనే విద్యా పరిశోధకురాలు రెండు దశాబ్దాలకు పైగా ఈ ప్రశ్న చుట్టూనే పనిచేశారు. 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె ఎనిమిదో తరగతి పిల్లలకు తయారైన రూబ్రిక్‌ను చేతికిచ్చి, వివరించి, మూడు వ్యాసాలు రాయించారు. పట్టిక అందని పిల్లలతో పోల్చి చూస్తే, మూడింటిలో ఒక్క వ్యాసంలోనే మెరుగుదల స్పష్టంగా కనిపించింది. కాగితం చేతికందినంత మాత్రాన అందులోని మాట తలకెక్కదన్నమాట.

2008లో ఆమె, సహచరులతో కలిసి, మూడు, నాలుగు తరగతుల పిల్లలు 116 మందితో మరో పద్ధతి ప్రయత్నించారు. ఒక గుంపు పిల్లలు ముందుగా ఒక మంచి నమూనా వ్యాసాన్ని చదివారు. అందులో ఏమి బాగుందో, దాన్నిబట్టి మంచి వ్యాసానికి ఏమేం కావాలో జాబితా రాశారు. ఆ తర్వాత రూబ్రిక్ పక్కన పెట్టుకుని తమ మొదటి ప్రతిని తామే పరీక్షించుకుని తిరగరాశారు. రెండో గుంపు కూడా మంచి వ్యాసానికి ఏం కావాలో జాబితా రాసింది, తన మొదటి ప్రతిని సరిచూసుకుంది. కానీ వాళ్ల ముందు నమూనా లేదు, రూబ్రిక్ లేదు. మొదటి గుంపు వ్యాసాలు మెరుగ్గా వచ్చాయి.

ఈ రెండో గుంపు మీద దృష్టి పెట్టాలి. జాబితా వాళ్లూ రాశారు, వాళ్ల అభిప్రాయమూ అడిగారు. అయినా వెనకబడ్డారు. అంటే 'పిల్లల్ని అడిగి ప్రమాణాలు రాసుకోవడం' ఒక్కటే గట్టెక్కించదు. చేతిలో ఒక అసలు రాతను పెట్టుకుని 'ఇది ఎందుకు బాగుంది' అని తవ్వడం ఒకటి, ఆ తవ్వకంలో దొరికిన కొలతను తమ సొంత రాత మీద పెట్టి చూసుకోవడం మరొకటి. పని చేసేవి ఈ రెండూ. పిల్లలతో కలిసి రూబ్రిక్ తయారుచేయడం గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా జారిపోయేది ఈ సంగతే.

తరగతి గదిలో ఇది ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఎనిమిదో తరగతిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్క బడిలోనో జరిగిన కథ కాదు, పద్ధతిలోని మెట్లు కనబడాలని అల్లుకున్న ఉదాహరణ. తెలుగు టీచర్ ఒక పని ఇచ్చారు: ఊళ్లో చేతివృత్తి చేసే ఒక మనిషిని కలవాలి, మాట్లాడాలి, ఆ మనిషి గురించి వ్యాసం రాయాలి. ఊళ్లో మగ్గాలున్నాయి, ఒక కుమ్మరి కుటుంబం ఉంది, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు.

మొదటి పీరియడ్‌లో టీచర్ బోర్డు మీద ఏమీ రాయకుండా అడుగుతారు: "మంచి వ్యాసమంటే ఎలా ఉండాలి?" జవాబులు టపటపా వస్తాయి. దస్తూరి గుండ్రంగా ఉండాలి. కొట్టివేతలు ఉండకూడదు. మార్జిన్ గీయాలి. మూడు పేజీలు తక్కువ కాకూడదు. ముగింపులో ఒక సూక్తి ఉండాలి. అక్షర దోషాలు ఉండకూడదు. టీచర్ దేన్నీ కాదనకుండా అన్నీ బోర్డు మీద రాస్తారు. ఇప్పటిదాకా బడి ఆ పిల్లలకు ఏమి నేర్పిందో ఆ జాబితా అద్దంలా చూపిస్తోంది, అంతే.

తర్వాత రెండు వ్యాసాలు పంచుతారు. పేర్లు ఉండవు, ఆ తరగతి పిల్లలవి కావు. ఇది ముఖ్యం. పక్క బెంచీలోని పిల్లవాడి రాతను ముందు పెడితే చర్చ రాతమీద ఉండదు, పిల్లవాడి మీదికి పోతుంది. పాత బ్యాచ్‌ల కాపీలు దొరక్కపోతే టీచర్ స్వయంగా రెండు రాసుకోవచ్చు.

మొదటి వ్యాసం ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు పేజీలు. ఇలా సాగుతుంది: చేనేత మన సంస్కృతికి ప్రతీక. నేత కార్మికులు రాత్రింబవళ్లు కష్టపడి మనకు బట్టలు నేస్తారు. కానీ వారి జీవితాల్లో వెలుగు లేదు. ప్రభుత్వం వారిని ఆదుకోవాలి.

రెండోది పేజీన్నర. దస్తూరి అంతంతమాత్రం, నాలుగైదు అక్షర దోషాలు. అందులో ఇలా ఉంది: వానాకాలం వస్తే తాత మగ్గం గుంతలో నీళ్లు ఊరుతాయి. అప్పుడు ఆయనకు పని ఉండదు. అరుగు మీద కూర్చుని పడుగు దారాలు చెదలు పట్టకుండా చూసుకుంటూ ఉంటాడు. "మగ్గం ఆగితె పొయ్యి ఆగినట్టె బిడ్డా" అన్నడు.

"ఏది బాగుంది?" అని అడిగితే తరగతి రెండుగా చీలుతుంది. దస్తూరి పక్షం గట్టిగానే వాదిస్తుంది. అప్పుడు టీచర్ వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: "రెండు కాగితాలూ మూసేయండి. ఏ వ్యాసంలోంచి ఏమి గుర్తుంది?" మొదటిదాంట్లోంచి ఎవరికీ ఏమీ గుర్తుండదు. రెండోదాంట్లోంచి గుంతలో నీళ్లు గుర్తుంటాయి, తాత అన్న మాట గుర్తుంటుంది. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అంటుంది: "టీచర్, మొదటిది ఇంట్లో కూర్చుని కూడా రాసెయ్యొచ్చు. మనిషిని కలవక్కర్లేదు."

రూబ్రిక్ పుట్టేది అక్కడ. ఆ వాక్యం ఏ శిక్షణ పుస్తకంలోనూ దొరకదు, ఏ కరపత్రంలోంచీ అనువదించింది కాదు. కానీ 'నిర్దిష్టమైన వివరాల వినియోగం' అని అధికార భాషలో రాసే ప్రమాణం కన్నా అది ఎంతో పదునైనది. టీచర్ దాన్ని మార్చకుండా ఆ పిల్ల నోట వచ్చినట్టే బోర్డు మీద రాస్తారు.

పీరియడ్ పూర్తయ్యేసరికి బోర్డు మీద పాతవీ కొత్తవీ కలిపి ఓ ఇరవై మాటలు ఉంటాయి. ఇరవై అంశాల పట్టికను ఎవరూ వాడలేరు. రెండో పీరియడ్ పని వాటిని జల్లించడం. ఒకే మాటను వేర్వేరుగా చెప్పినవి కలుస్తాయి. 'వివరాలుండాలి', 'మనిషి కళ్లకు కట్టాలి', 'అందరికీ సరిపోయే మాటలు వద్దు' మూడూ ఒక గూటికి చేరతాయి. 'ఆయన మాటలు ఉండాలి' అన్నది వేరే గూడు. పని ఎలా జరుగుతుందో మగ్గం చూడనివాడికి కూడా అర్థమవాలి అన్నది మూడోది. నాలుగు లేదా అయిదు దగ్గర ఆగిపోవడం మంచిది.

మరి దస్తూరి సంగతేమిటి? దాన్ని తీసేస్తే సగం తరగతికి అన్యాయంగా తోస్తుంది. ఉంచితే అది మళ్లీ మిగతావాటిని మింగేస్తుంది. దీనికి చాలామంది ఉపాధ్యాయులు వాడే ఉపాయం, అలాంటివాటిని పట్టిక బయట షరతుగా పెట్టడం. చదవగలిగేలా ఉండాలి, పేరు, తేదీ ఉండాలి. అవి లేకపోతే కాపీ తీసుకోరు. ఉంటే వాటికి అదనంగా మార్కులేమీ పడవు. పేజీల లెక్క కూడా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇంతవరకూ పిల్లలు ఎవరూ అనని ఒక ప్రమాణం మిగిలిపోయింది. విన్నదాన్ని సరిచూసుకోవడం. చీరకు కూలి ఎంత, నూలు ఎక్కడినుంచి వస్తుంది అని తాత చెప్పినదాన్ని ఇంకొకరిని కూడా అడిగారా? టీచర్ దాన్ని తానే చేరుస్తారు, తానే చేరుస్తున్నానని చెప్పి మరీ చేరుస్తారు. కలిసి తయారుచేయడమంటే ఉపాధ్యాయుడు నోరు మూసుకుని కూర్చోవడం కాదు. ఆ విషయం తెలిసిన మనిషి గదిలో ఆయనే కదా. పాఠ్యప్రణాళిక కోరేది ఏదైనా పిల్లల జాబితాలో లేకపోతే దాన్ని తేవడం ఆయన బాధ్యత. తప్పు ఎక్కడంటే, ముందే జేబులో ఒక పట్టిక పెట్టుకుని పిల్లల చేత దాన్నే చెప్పించి, 'మీరే తయారుచేశారు' అనడంలో. పిల్లలు ఆ నాటకాన్ని రెండోసారికే పసిగడతారు. తర్వాత ఆ ఉపాధ్యాయుడు ఏమి అడిగినా, ఆయనకు కావలసిన జవాబేదో ఊహించే పనిలో పడతారు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. స్థాయిలను మాటల్లో రాయడం. చాలా రూబ్రిక్‌లు ఇక్కడే చతికిలబడతాయి. 'వివరాలు చాలా బాగున్నాయి', 'బాగున్నాయి', 'ఫర్వాలేదు', 'బాగాలేవు' అని నాలుగు గళ్లు నింపేస్తే పట్టిక నిండుగా కనిపిస్తుంది గాని, ఏ గడిలోనూ సమాచారం ఉండదు. అంకెలు వేసినా ఇదే గతి. 'అయిదు వివరాలుంటే నాలుగో స్థాయి' అని రాస్తే పిల్లలు సరిగ్గా అయిదు వివరాలు వేరుకొచ్చి పేరుస్తారు. పేజీల లెక్క పోయి వివరాల లెక్క వచ్చినట్టు.

అనుభవం ఉన్నవాళ్లు ముందు పై మెట్టు, తర్వాత కింది మెట్టు రాసి, మధ్యవి చివర రాస్తారు. పిల్లలు సాధారణంగా చేసే లోపమేదో దాన్నే మధ్య మెట్టులో వర్ణిస్తారు. మన తరగతిలో 'మనిషి కనబడాలి' అన్న అంశానికి నాలుగు మెట్లు ఇలా తేలాయనుకుందాం. పై మెట్టు: పేరు మార్చి ఇంకొకరికి అతికిస్తే అతకదు. దాని కింద: అలాంటి సంగతులు ఉన్నాయి గాని, మధ్యమధ్యలో అందరికీ సరిపోయే వాక్యాలు దూరాయి. ఇంకా కింద: పేరు, వయసు, ఊరు ఉన్నాయి, మిగతాదంతా ఆ పని చేసే ఎవరికైనా సరిపోతుంది. అట్టడుగున: మనిషిని కలవకుండానే రాయగలిగింది. ఆ అమ్మాయి అన్న మాట ఆఖరి మెట్టులో అలాగే ఉండిపోయింది. మెట్లు మూడు కాకుండా నాలుగు పెట్టడంలో కూడా ఒక కారణం ఉంది. మూడు ఉంటే ఎటూ తేల్చుకోలేనివాళ్లంతా నడిమి గడిలో సర్దుకుంటారు.

'ఆయన మాటలు ఉండాలి' అన్న అంశం దగ్గర మాత్రం వాదన ముదురుతుంది. తాత "అన్నడు", "ఆగితె" అంటే అలాగే రాయాలా, పుస్తక భాషలోకి మార్చాలా? యాస రాస్తే అక్షర దోషం కింద మార్కులు పోతాయని కొందరి భయం. అది వట్టి భయం కాదు, వాళ్లకు అలా పోయే ఉంటాయి. యాస తీసేస్తే ఆ మాట ఇక తాతది కాదని మరికొందరు అంటారు. చివరికి కొటేషన్ గుర్తుల్లో మనిషి మాట్లాడినట్టే ఉండాలి, బయట రాసేవాడి భాష సరిగ్గా ఉండాలి అని తీర్మానిస్తారు. టీచర్ ఆ ముక్క ఒక ఉపన్యాసంలో చెప్పి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. వాదించుకుని తేల్చుకోవడానికి పావుగంట పట్టింది. కానీ ఉదాహరించిన మాటకూ సొంత మాటకూ తేడా ఏమిటో ఆ పావుగంటలో తరగతి మొత్తం నేర్చుకుంది. రూబ్రిక్ తయారీలో పోతున్నదనుకునే సమయంలో ఎక్కువ భాగం ఇలా పాఠం చెప్పడానికే ఖర్చవుతుంది.

పట్టిక పూర్తయ్యాక దాన్ని నేరుగా వాడకూడదు, ముందు పరీక్షించాలి. మూడో వ్యాసం ఒకటి ఇచ్చి, గుంపులుగా కూర్చున్న పిల్లలను విడివిడిగా దానికి స్థాయిలు ఇవ్వమంటారు. ఒక గుంపు రెండు, మరో గుంపు మూడు ఇస్తే కంగారు లేదు. ఒకరు ఒకటి, మరొకరు నాలుగు ఇస్తే మాత్రం ఆ గడిలోని మాట సరిగ్గా లేదని లెక్క. అప్పుడు సర్దాల్సింది గుంపులకు కాదు, వాక్యానికి. 'పని అర్థమయ్యేలా చెప్పాలి' అన్న వాక్యం ఇలాంటి చోటే దొరికిపోతుంది. ఎవరికి అర్థమవాలి? నేతపని చేసే ఇంటి పిల్లలకు అంతా అర్థమైంది, మిగతావాళ్లకు ఏమీ కాలేదు. దాంతో ఆ వాక్యం 'మగ్గం ఎప్పుడూ చూడని దోస్తు చదివి, పడుగేదో పేకేదో చెప్పగలగాలి' అని మారుతుంది.

ఇక్కడికి రెండు మూడు పీరియడ్లు అయ్యాయి. చాలా బడుల్లో పట్టిక ఇక్కడినుంచి గోడకెక్కి, మార్కులు వేసే రోజు దాకా కిందికి దిగదు. అలా చేస్తే ఇప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. రూబ్రిక్ అక్కరకొచ్చేది మొదటి ప్రతికీ చివరి ప్రతికీ నడుమ.

ఆ నడిమి దశకు ఆండ్రేడ్ బృందం వాడిన పద్ధతి రంగు పెన్సిళ్లతో జరుగుతుంది. రూబ్రిక్‌లో 'మనిషి కనబడాలి' అన్న మాట కింద పచ్చ గీత గీయాలి. తర్వాత తన వ్యాసంలో ఆ మనిషి నిజంగా కనబడిన వాక్యం వెతికి దానికింద పచ్చ గీత గీయాలి. 'ఆయన మాటలు' అన్నదానికి నీలం. వ్యాసంలో నీలం గీయడానికి చోటు దొరకకపోతే, కాగితం పైన తనకు తానే ఒక చీటీలా రాసుకోవాలి: తాత అన్న మాట ఒక్కటైనా చేర్చాలి. అంతే. చాలామంది పిల్లలు గీత గీయబోయి ఆశ్చర్యపోయేది ఇక్కడే. ఆ వివరం రాశామనే అనుకుంటారు. అది తలలో ఉంది, కాగితం మీద లేదు. 'నీ వ్యాసంలో వివరాలు తక్కువ' అని టీచర్ చెబితే అది తిట్టులా వినిపిస్తుంది. పచ్చ పెన్సిల్ పట్టుకుని చోటు దొరక్క తిరిగినప్పుడు అదే సంగతి తానే కనిపెట్టిన లోటు అవుతుంది.

ఈ స్వీయ పరీక్షకు మార్కులు ఉండకూడదని ఆండ్రేడ్ గట్టిగా చెబుతారు. మార్కులు ముడిపెడితే పిల్లలు నిజం చెప్పరు, అన్నింటికీ నాలుగు వేసుకుంటారు.

తోటివారి సలహా కూడా ఇక్కడే కలుస్తుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బోయిసీ నగరంలో ఆస్టిన్ అనే ఒకటో తరగతి పిల్లవాడు వేసిన సీతాకోకచిలుక బొమ్మను ఉపాధ్యాయుడు రాన్ బెర్గర్ ప్రపంచమంతా చూపించారు. పని ఏమిటంటే టైగర్ స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక ఫొటో చూసి శాస్త్రవేత్త గీసినట్టు గీయడం. మొదటి బొమ్మ చిన్నపిల్లలంతా గీసే మామూలు సీతాకోకచిలుకే, ఫొటోకీ దానికీ పోలిక లేదు. తోటి పిల్లలు 'ఇంకా బాగా గీయి' అనలేదు. ముందు ఆకారం గురించే మాట్లాడారు: రెక్కలు ఇంకా కోసుగా ఉండాలి, ముక్కోణంలా రావాలి. ఆకారం కుదిరాకే రెక్కల మీది చారల జోలికి వెళ్లారు. ఆరో ప్రతికి వచ్చేసరికి ఆ బొమ్మ ఒకటో తరగతి పిల్లవాడిదంటే పెద్దవాళ్లు నమ్మలేకపోతారు. అక్కడ గళ్ల పట్టిక లేదు. కానీ ఏమి చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్నది అందరికీ ఒకటే. ఆరేళ్ల పిల్లలు ఆరేళ్ల పిల్లవాడికి పనికొచ్చే మాట చెప్పగలిగింది అందువల్ల. ఫొటో ఎదురుగా ఉండటం కూడా మరిచిపోకూడదు. అది లేకుండా 'కోసుగా' అన్న మాటకు అర్థం లేదు.

సొంతం అన్న భావం ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు చూడొచ్చు. ఓటు వేయనిచ్చారు కాబట్టి పిల్లలు ఆ పనిని తమదనుకుంటారని మామూలుగా చెబుతారు. అందులో కొంత నిజం ఉన్నా అసలు కారణం మరింత లోతుగా ఉంది. ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ ఆధారం. ఒక విద్యార్థి తన పనిని తాను మెరుగుపరచుకోవాలంటే మూడు కావాలంటారాయన: మంచి పని ఎలా ఉంటుందో తెలియాలి, తన పనిని దానితో పోల్చుకోగలగాలి, ఆ ఎడం తగ్గించడానికి ఏదైనా చేయగలగాలి. మొదటిది ఉపాధ్యాయుడి దగ్గరే ఉండిపోతే మిగతా రెండూ జరగవు. చిక్కేమిటంటే ఆ మొదటిది మాటల్లో పెట్టడానికి అంత తేలిగ్గా లొంగదు. అమ్మ పులుసు వాసన చూసే ఉప్పు తగ్గిందని చెబుతుంది గాని, ఎలా తెలిసిందంటే చెప్పలేదు. ఎన్నో కాపీలు దిద్దిన ఉపాధ్యాయుడి అంచనా కూడా అలాంటిదే. పట్టికలో రాసిన మాటలు ఆ అంచనాకు నీడ మాత్రమే. నమూనాలు చూస్తూ, ఒకదానితో ఒకటి పోలుస్తూ, విభేదిస్తూ గడిపిన పిల్లలకు ఆ మాటల వెనక ఉన్నది ఎంతో కొంత పట్టుబడుతుంది. ఒకసారి పట్టుబడితే తన వ్యాసం మంచిదో కాదో తేల్చడానికి వేరే మనిషి కోసం ఎదురుచూడనక్కర్లేదు. పని తనదవడమంటే అదే.

మార్కుల గురించిన గొడవ స్వభావం కూడా మారుతుంది. 'నాకెందుకు తక్కువ వేశారు సార్' అన్న ప్రశ్నకు ఇదివరకు జవాబు ఉపాధ్యాయుడి హోదా. ఇప్పుడు పిల్లవాడు తనకు మూడో మెట్టు రావాలని అనుకుంటే, ఆ మెట్టుకు తగిన వాక్యం తన వ్యాసంలో ఎక్కడుందో చూపించాలి. టీచర్ రెండే అనుకుంటే, ఏ వాక్యం ఎవరికైనా సరిపోతుందో ఆమె చూపించాలి. ఒక్కోసారి పిల్లవాడే నెగ్గుతాడు. నెగ్గడానికి వీల్లేని పట్టికను 'కలిసి తయారుచేసింది' అనడం న్యాయం కాదు.

పరిశోధన ఫలితాలు మాత్రం అంత ఏకపక్షంగా లేవు. స్పెయిన్‌లో 65 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో హువాన్ ఫ్రైలే, ఎర్నెస్తో పనదేరో, రోడ్రిగో పార్దో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఒక గుంపు ఉపాధ్యాయుడితో కలిసి రూబ్రిక్ తయారుచేసింది, మరో గుంపు తయారైనదాన్ని వాడింది. పని చేస్తూ మనసులోని ఆలోచనలను పైకి చెప్పమన్నప్పుడు, తయారుచేసిన గుంపు తన పనిని తాను ఎక్కువగా గమనించుకుంటూ, సరిదిద్దుకుంటూ సాగిందని తేలింది. ప్రశ్నపత్రాలు నింపించి అడిగితే మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పనిలో నాణ్యత కొంతమేరకే మెరుగుపడింది. కలిసి తయారుచేస్తే మార్కులు ఎగిరి గంతేస్తాయని ఎవరైనా శిక్షణ తరగతుల్లో చెబితే కాస్త తగ్గించి వినాలి.

రూబ్రిక్ అనే సాధనాన్నే అనుమానించేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఆల్ఫీ కోన్, మాయా విల్సన్ 2006లో దీనిపై గట్టి విమర్శలు రాశారు. రాతను గళ్లల్లో కుదిస్తే పిల్లలు గళ్ల కోసమే రాస్తారని, ఎవరూ ఊహించని మంచి రాతకు ఆ పట్టికలో చోటుండదని వారి అభ్యంతరం. కొట్టిపారేయదగ్గది కాదు. మన తరగతిలో ఎవరో ఒక పిల్ల తాత గురించి రాయకుండా, పని మానేసి పట్నంలో వాచ్‌మన్‌గా చేరిన తాత కొడుకు గురించి రాసిందనుకుందాం. వ్యాసం అద్భుతంగా ఉంది. నాలుగు అంశాల్లో రెండింటికి అది దొరకదు. అప్పుడు వంగాల్సింది పట్టికే. పిల్లలతో కలిసి రాసుకున్నదానికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. పైనుంచి అచ్చయి వచ్చింది కాదు కాబట్టి తరగతి మళ్లీ కూర్చుని దిద్దుకోగలదు. కొందరు ఉపాధ్యాయులు చివర ఒక వరుస ఖాళీగా ఉంచుతారు. 'మనం అనుకోనిది, కానీ బాగున్నది' ఏదైనా వస్తే అందులో రాస్తారు.

ఇక ఆచరణలో ఎదురయ్యే అడ్డంకులు. యాభై, అరవై మంది ఉన్న గదిలో బోర్డు ముందు చర్చ పెడితే ఏడెనిమిది మందే మాట్లాడతారు. వాళ్లు ముందు బెంచీల వాళ్లే అవుతారు. అందుకే మొదటి జాబితా నోటితో అడిగే బదులు ప్రతి పిల్లా చీటీ మీద రెండు మాటలు రాసివ్వమనడం మేలు. నోరు విప్పని పిల్లల మాట కూడా అప్పుడు బోర్డు ఎక్కుతుంది. సమయం రెండో అడ్డంకి. ప్రతి పనికీ ఇలా మూడు పీరియడ్లు ఇస్తే సిలబస్ కదలదు. ఏడాదికి రెండు, మహా అయితే మూడు పెద్ద పనులకు చేస్తే చాలు. ఒక్క సరైన జవాబుండే లెక్కకో, పదాల అర్థాలకో రూబ్రిక్ అవసరం లేదు. అక్కడ కీ ఉంటే సరిపోతుంది. పబ్లిక్ పరీక్షల్లో మార్కుల పంపకం పైనుంచి వస్తుంది. అక్కడ పిల్లలు కలగజేసుకునే వీలే లేదు. ఆ మాట వాళ్లకు ముందే చెప్పేయడం మంచిది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఒక సహజమైన చోటు ఇప్పటికే ఉంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో లఘు పరీక్షతో పాటు పిల్లల ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు కూడా లెక్కలోకి వస్తాయి. వీటిలో ప్రాజెక్టు పనే ఎక్కువగా జిరాక్స్ సెంటర్ పాలవుతోంది. జాతీయ విద్యా విధానం 2020 ప్రగతి పత్రాల్లో ఉపాధ్యాయుడి అంచనాతో పాటు స్వీయ మదింపు, తోటివారి మదింపు ఉండాలని చెప్పింది. ఆ గళ్లు వచ్చాయి సరే, వాటిలో దేన్నిబట్టి అంచనా వేసుకోవాలో ఆ మాటలు మాత్రం అచ్చయ్యే వస్తున్నాయి. పచ్చ పెన్సిల్ పట్టుకుని తన వాక్యం వెతుక్కోని పిల్లవాడు ఆ గడిలో టిక్కు పెడతాడు గాని, దానికి తన రాతతో సంబంధం ఉండదు.

మన ఎనిమిదో తరగతి టీచర్‌కు మరుసటి ఏడాది ఒక ఆశ పుడుతుంది: ఇంత కష్టపడి చేసిన పట్టిక ఉంది కదా, కొత్త బ్యాచ్‌కు అదే ఇచ్చేస్తే పోలేదా? ఇచ్చేస్తే ఆండ్రేడ్ 2001లో చేసినట్టే అవుతుంది. కొత్త పిల్లలకు అది ఎవరో రాసిన కాగితం. అలాగని మూడు పీరియడ్లూ మొదటినుంచి పెట్టక్కర్లేదు. నమూనా వ్యాసాలు మళ్లీ పంచి, చర్చ అయ్యాక, పాత పట్టికను బయటికి తీసి 'పోయిన ఏడాది వాళ్లు ఇలా అనుకున్నారు, మీరేమంటారు?' అని అడిగితే ఒక్క పీరియడ్‌లో తేలిపోతుంది. కొన్ని వాక్యాలు నిలుస్తాయి, కొన్ని ఎగిరిపోతాయి. కొత్తవాళ్లలో ఎవరో ఒకరు లేచి, చెప్పులు కుట్టే ఆయన గురించి రాసేవాళ్లకు పడుగు, పేక ఎందుకని తప్పకుండా అడుగుతారు. ఆ గడి ఆ రోజే మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది.